నాలుగొందల నగల ఫోటోలు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్: ఏ దారి దేనికి పనికొస్తుంది

మా వదిన మచిలీపట్నంలో గిల్టు నగలు అమ్ముతుంది. చిలకలపూడిలో తయారైన సరుకు తెచ్చి ఇన్నాళ్లూ వాట్సాప్ గ్రూపుల్లోనే అమ్మేది. ఫోటోలన్నీ మెరూన్ వెల్వెట్ గుడ్డ మీద తీసినవి. వాట్సాప్‌కి అవి సరిపోయాయి, గుడ్డ మీద బంగారు రంగు ఎత్తి కనపడేది కూడా. అమెజాన్‌లో పెడదామనుకున్నాక చిక్కొచ్చి పడింది. అక్కడ మెయిన్ ఫోటో వెనక అచ్చమైన తెలుపే ఉండాలి, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు విలువలూ 255. వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి. ఫోటో కనీసం 1000 పిక్సెళ్లుంటేనే జూమ్ పనిచేస్తుంది.

"412 ఫోటోలున్నాయి బాబూ, ఆదివారం కూర్చుంటే అయిపోతాయా?" అంది వదిన.

అవ్వలేదు. మూడు ఆదివారాలు పట్టింది, అందులో మొదటిది పూర్తిగా వృథా. ఆ వృథాకి కారణం, నేను టూల్‌ని ఎంచుకున్న పద్ధతి. చక్కగా వచ్చిన ఒక జుంకా ఫోటో చూసి "ఇది బ్రహ్మాండంగా ఉంది" అనుకుని మొత్తం ఫోల్డర్‌ని దానికి అప్పజెప్పాను. నిజానికి చూడాల్సింది అది బాగా చేసిన ఫోటోని కాదు. వందలో ఎన్ని చెడగొడుతుంది, చెడిన ఒక్కోదాన్ని బాగు చేయడానికి ఎంతసేపు పడుతుంది, ఈ రెండే. అందుకే కింద చెప్పే ప్రతి దారినీ ఈ రెండు ప్రశ్నలతోనే కొలుస్తాను.

దారులు నాలుగు. ఫోటోనే తెల్లటి కాగితం మీద తీసి, బ్యాక్‌గ్రౌండ్ తీసే పనే లేకుండా చేయడం ఒకటి. సొంత కంప్యూటర్‌లో ఉచిత ప్రోగ్రామ్‌తో మొత్తం ఫోల్డర్‌ని కత్తిరించడం రెండోది. ఫోటోకి ఇంత అని డబ్బు తీసుకునే ఆన్‌లైన్ సర్వీసు మూడోది. ఫోటోషాప్‌లో పెన్ టూల్‌తో మనిషి చేత్తో గీయడం నాలుగోది. నాలుగింటిలో ఏది గొప్ప అని అడిగితే జవాబు లేదు. మీ దగ్గరున్న వస్తువేంటి అన్నదే అసలు ప్రశ్న.

ముందు వస్తువుని చూడండి

కొండపల్లి బొమ్మ, పచ్చడి సీసా, పుస్తకం, చెప్పుల జత లాంటివి ఏ టూల్‌కైనా సులువే. అంచు గట్టిగా ఉంటుంది, మధ్యలో కన్నాలుండవు, అవతలి వైపు కనపడదు. మీ సరుకంతా ఇలాంటిదే అయితే రెండో దారి పట్టి, ఈ వ్యాసంలో కమాండ్లున్న భాగాలు మాత్రం చదువుకోండి.

కష్టపెట్టేవి మూడు రకాలు. మొదటిది, కన్నాలూ సన్న తీగలూ ఉన్న వస్తువు. గొలుసు, జాలీ పనితనం ఉన్న వడ్డాణం, చేతి గాజు మధ్యలోని ఖాళీ. రెండోది, అవతలి వైపు కనిపించే వస్తువు. గాజు గాజులు, గాజు గ్లాసులు, పారదర్శకంగా ఉండే రాళ్లు. మూడోది, అద్దంలా మెరిసే లోహం.

ఈ మూడోదాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మెరుగు పెట్టిన గిల్టు వంకీని మెరూన్ గుడ్డ మీద పెడితే, వంకీ అంచుల్లో ఆ మెరూన్ రంగు ప్రతిబింబిస్తుంది. గుడ్డని ఎంత శుభ్రంగా కత్తిరించినా ప్రతిబింబం నగలోనే ఉండిపోతుంది. తెలుపు మీద పెట్టగానే బంగారం రాగిలా కనపడుతుంది. కస్టమర్ "రంగు వేరే వచ్చింది" అని వెనక్కి పంపేది ఇలాంటప్పుడే. దీనికి ఏ టూల్ దగ్గరా మందు లేదు. మళ్లీ ఫోటో తీయడమే.

గాజు గాజులదీ అదే కథ. ఆకుపచ్చ గాజు గుండా మెరూన్ గుడ్డ కనిపిస్తుంటే, ఆ చోట ఉన్న పిక్సెల్‌లో గాజు రంగూ గుడ్డ రంగూ కలిసిపోయి ఉంటాయి. మనిషైనా, ప్రోగ్రామైనా వాటిని విడదీయడం అయ్యే పని కాదు. అందుకే 412లో ఉన్న 40 గాజు గాజుల ఫోటోలని మొదటే పక్కన పెట్టాల్సింది. నేను పెట్టలేదు.

తెలుపు మీదే తీయడం

గాజుకీ మెరిసే లోహానికీ నా ఓటు దీనికే. పెద్ద ఖర్చేం లేదు. ఒక తెల్ల చార్ట్ పేపర్‌ని బల్ల మీద నుంచి గోడ మీదికి మడత పడకుండా వంపు తిప్పి అంటించాలి. ఒక లైటు వస్తువు మీదికి, ఇంకో లైటు వెనక కాగితం మీదికి. వస్తువు కన్నా కాగితమే ఎక్కువ వెలుగులో ఉండాలి, కిటుకంతా అక్కడే ఉంది. ఫోన్‌లో ఫోకస్ లాక్ చేసి వెలుతురు కొంచెం పెంచి తీయాలి. ఆటోలో వదిలేస్తే, ఇంత తెలుపు చూసి ఫోన్ కంగారుపడి మొత్తాన్ని బూడిద రంగులోకి దించేస్తుంది.

ఇలా తీసినా కాగితం 255 రాదు. సాధారణంగా 240 దగ్గర ఉంటుంది. కంటికి తెల్లగానే కనపడుతుంది కానీ సైట్ తెల్లటి పేజీ మీద పెట్టగానే ఫోటో చుట్టూ పలచటి బూడిద డబ్బా తేలుతుంది. దాన్ని పైకి నెట్టడానికి ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఒక్క లైను చాలు:

```
mkdir -p leveled
magick mogrify -path leveled -level 0%,93% shot/*.jpg
```

93 శాతం అంటే 237. అంతకు మించి వెలుగున్న ప్రతి చుక్కా 255 అయిపోతుంది. మిగతా ఫోటో కూడా కొద్దిగా వెలుతురు పుంజుకుంటుంది. సమస్యెక్కడంటే, నగ మీద తళుక్కుమనే చోటు కూడా 237 దాటితే అదీ కాగితంతో పాటే కాలిపోతుంది. అలాగే మూలల్లో లైటు తక్కువ పడి కాగితం 215 దగ్గర ఉండిపోతే, దాన్ని తెల్లగా చేయడానికి శాతాన్ని 84కి దించాలి. అప్పుడు వస్తువు పాలిపోతుంది. అలాంటప్పుడు శాతంతో ఆడుకోకుండా లైటు జరిపి మళ్లీ తీయండి, రెండు నిమిషాల పని.

నిజంగా తెల్లబడిందో లేదో కన్నుని నమ్మొద్దు. ఈ కమాండ్ అచ్చమైన తెలుపు కాని ప్రతి చుక్కనీ నల్లగా మార్చి చూపిస్తుంది:

```
magick leveled/a.jpg -fill black +opaque white check.png
```

వస్తువు ఆకారం మాత్రమే నల్లగా ఉండి చుట్టూ తెల్లగా ఉంటే పాస్. మూలల్లో నల్ల మరకలుంటే అక్కడ లైటు చాల్లేదు. నాకు మొదటి ప్రయత్నంలో కింది రెండు మూలలూ బొగ్గులా వచ్చాయి.

ఈ దారి తెల్లటి వస్తువులకి మాత్రం పనికిరాదు. తెల్ల ముత్యాల హారాన్ని తెల్ల కాగితం మీద తీసి లెవెల్ పెంచితే సగం ముత్యాలు కాగితంలో కలిసిపోతాయి. వాటికి లేత బూడిద రంగు కాగితం వాడి, తీశాక కత్తిరించుకోవాలి.

సొంత కంప్యూటర్‌లో, డబ్బు లేకుండా

ఉచిత ప్రోగ్రామ్ పేరు `rembg`. పైథాన్ ఉంటే చాలు, ఫోల్డర్ ఇస్తే ఫోల్డర్ ఇస్తుంది, ఫోటోలు బయటికెళ్లవు. లోపల వస్తువుని గుర్తించే పని చేసే ఏఐ మోడల్ మొదటిసారి వాడినప్పుడు డౌన్‌లోడ్ అవుతుంది, ఆ తర్వాత నెట్ లేకపోయినా నడుస్తుంది.

```
pip install "rembg[cpu,cli]"
rembg p -m isnet-general-use in cut
```

నా మొదటి ఆదివారం పోయింది ఆ `-m` తర్వాత ఏం రాయాలో తెలియకే. ఏమీ రాయకపోతే `u2net` అనే మోడల్ నడుస్తుంది. దాంతో జుంకాలు బాగానే వచ్చాయి, గొలుసులు ముక్కలుముక్కలుగా తెగి వచ్చాయి. లాకెట్ ఉంది, గొలుసు లేదు. రాత్రి పదింటికి వదినకి పంపితే "లాకెట్ ఒక్కటే అమ్ముతున్నామా?" అని రిప్లై.

ఎందుకలా అయిందో తర్వాత అర్థమైంది. ఈ మోడళ్లు మీ ఫోటోని ఉన్న సైజులో చూడవు. ముందు చిన్నది చేసుకుని, ఆ చిన్న బొమ్మలో వస్తువు ఎక్కడుందో గుర్తించి, ఆ ఆకారాన్ని మళ్లీ పెద్దది చేసి మీ ఫోటోకి అంటిస్తాయి. `u2net` అయితే 320 పిక్సెళ్లకి కుదిస్తుంది. మీ ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పు ఉంటే పన్నెండున్నర రెట్లు తగ్గినట్టు. అందులో 8 పిక్సెళ్ల మందం ఉన్న గొలుసు ఒక పిక్సెల్‌లో మూడింట రెండొంతులు కూడా మిగలదు. మోడల్‌కి అది కనపడనే కనపడదు, తప్పు దానిది కాదు. `isnet-general-use` 1024కి కుదిస్తుంది, అందులో అదే గొలుసు రెండు పిక్సెళ్లుంటుంది. సన్నగానే అయినా కనపడుతుంది.

ఈ సంగతి తెలిశాక ఇంకో దారి కూడా దొరికింది. మా ఫోటోల్లో నగ కన్నా గుడ్డే ఎక్కువ ఉంది. 4000 పిక్సెళ్ల ఫోటోలో హారం 2000 మేరకే ఉంటే, ముందే దాని చుట్టూ దగ్గరగా క్రాప్ చేసి ఇస్తే కుదింపు సగానికి తగ్గుతుంది. అదే మోడల్, అదే ఫోటో, గొలుసు ఈసారి నాలుగు పిక్సెళ్లు. క్రాప్ చేయడం ఫోన్ గ్యాలరీలో పది సెకన్ల పని. మోడల్ మార్చే ముందు ఇది చేసి చూడండి.

ఇంకా పదును కావాలంటే `birefnet-general` ఉంది. కన్నాలూ సన్న అంచులూ దీనికి బాగా తెలుస్తాయి. అయితే మోడల్ ఫైలే దాదాపు 1 జీబీ, గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో బాగా నిదానంగా నడుస్తుంది. నా పాత ల్యాప్‌టాప్‌లో `isnet` ఫోటోకి నాలుగు సెకన్లు తీసుకుంటే, ఇది అర నిమిషం దాటేది. అందుకే మొత్తం ఫోల్డర్‌ని దీనికివ్వకుండా, మొదటి దశలో చెడిపోయినవి మాత్రమే ఇచ్చాను. ఇంకో మాట. ఈ ప్రోగ్రామ్‌లో `bria-rmbg` అనే మోడల్ కూడా కనపడుతుంది. ఫలితం బాగుంటుంది కానీ దాని లైసెన్సు ప్రకారం వ్యాపారానికి వాడాలంటే విడిగా అనుమతి కొనుక్కోవాలి. దుకాణం ఫోటోలకి దాన్ని ముట్టుకోకండి.

చెడినవాటిని పట్టుకోవడం

412 ఫోటోలని ఒక్కొక్కటీ తెరిచి చూస్తే కళ్లు మండుతాయి, అయినా సగం తప్పులు దొరకవు. తెలుపు మీద చూడటం వల్లే దొరకవు. ముత్యం ఎగిరిపోయిన చోటు తెల్లగా ఉంటుంది, తెలుపు మీద ఆ ఖాళీ కనపడదు. అందుకే తెల్ల కాన్వాసు మీద పెట్టకముందే, ఏ నగలోనూ ఉండని వికారమైన రంగు మీద వేసి చూడాలి. నేను మెజెంటా వాడాను:

```
magick montage cut/*.png -background magenta -geometry 300x300+6+6 -tile 6x5 sheet.jpg
```

ఒక్కో షీటులో 30 చొప్పున 14 షీట్లు వచ్చాయి. టీ తాగుతూ చూసేయొచ్చు. గాజు మధ్యలో మెజెంటా కనపడకుండా మెరూన్ కనపడిందా, కన్నం కత్తిరించలేదన్నమాట. నగ మధ్యలో మెజెంటా కనపడిందా, రాయి ఎగిరిపోయిందన్నమాట. చుట్టూ సన్నటి ముదురు గీత ఉంటే గుడ్డ అంచు మిగిలిపోయింది.

పూర్తిగా చెడిపోయినవాటిని షీటు కూడా చూడకుండానే పట్టుకోవచ్చు. ప్రతి ఫైల్లో ఎంత భాగం మిగిలిందో లెక్కవేసి వరుసలో పెడితే, ఇబ్బందిపెట్టేవి రెండు చివర్లకీ చేరతాయి. విండోస్‌లో అయితే దీన్నీ, మిగతా కమాండ్లనీ గిట్ బాష్ విండోలో నడపండి:

```
for f in cut/*.png; do
  echo "$(magick "$f" -alpha extract -format '%[fx:mean]' info:) $f"
done | sort -g
```

సున్నాకి దగ్గరగా ఉంటే నగే మాయమైంది. ఒకటికి దగ్గరగా ఉంటే గుడ్డ కూడా నగే అనుకుని వదిలేసింది. మా దాంట్లో గుడ్డ మడతలు పడిన ఫోటోలన్నీ 0.8 పైన తేలాయి. మడత అంచుని వస్తువు అంచు అనుకుందన్నమాట.

డబ్బు తీసుకునే సర్వీసులు

ఆన్‌లైన్ సర్వీసుల్లో అందరికీ తెలిసింది remove.bg. ఆస్ట్రియాలో పుట్టింది, 2021లో డిజైన్ సైట్ కాన్వా కొనేసింది. ఉచితంగా ఇచ్చేది 0.25 మెగాపిక్సెల్ ప్రివ్యూ మాత్రమే, అంటే 625 బై 400 లాంటి సైజు. 1000 పిక్సెళ్ల షరతుకే అది చాలదు. పూర్తి సైజుకి ఫోటోకో క్రెడిట్ పోతుంది. కాన్వాలో బ్యాక్‌గ్రౌండ్ తీసే బటన్ ప్రో ప్లాన్‌లో ఉంది. ఫోటోషాప్ ఉన్నవాళ్లయితే అందులోనే రిమూవ్ బ్యాక్‌గ్రౌండ్‌ని యాక్షన్‌గా రికార్డు చేసి బ్యాచ్‌లో నడపొచ్చు. సబ్‌స్క్రిప్షన్ ఎలాగూ కడుతుంటే ముందు అది ప్రయత్నించడం తెలివైన పని.

ఇవి ఉచిత ప్రోగ్రామ్ కన్నా మెరుగా అంటే, చాలావరకు మెరుగే, ముఖ్యంగా జుట్టు, పీచు, దారపు కుచ్చులు ఉన్న వస్తువుల్లో. ఆ మెరుగుకి ఎంత ఇవ్వొచ్చో లెక్కగట్టడం కష్టం కాదు. ఉదాహరణకి సర్వీసు ఫోటోకి 8 రూపాయలు అడిగిందనుకుందాం. వందలో 10 చెడగొట్టింది. ఉచిత ప్రోగ్రామ్ వందలో 20 చెడగొట్టింది. చెడిన ఫోటోని చేత్తో బాగు చేయడానికి 12 నిమిషాలు. అంటే సర్వీసు మనకి వంద ఫోటోలకి 10 రిపేర్లు, అంటే రెండు గంటలు మిగిల్చింది. దానికి మనం ఇచ్చింది 800. గంటకి 400 పడింది. ఆ ధర కన్నా మీ సమయం గానీ, కుర్రాడిని పెట్టుకుంటే అతని సమయం గానీ ఎక్కువ విలువైతే కొనండి, తక్కువైతే వద్దు. 8 బదులు అసలు ధర, 10, 20 బదులు మీ పరీక్షలో వచ్చిన అంకెలు వేసుకోండి. వస్తువుని బట్టి ఈ అంకెలు ఎంతలా మారతాయంటే, ఇంకొకరి అంకెలు మీకు పనికిరావు.

పరీక్షకి 20 ఫోటోలు చాలు, కానీ అన్నీ కష్టమైనవే ఉండాలి. సర్వీసు వెబ్‌సైట్‌లో నమూనాగా పెట్టే బూటు ఫోటో ఏ టూల్ అయినా కత్తిరిస్తుంది. మీ ఇరవైలో గొలుసులు ఆరు, కన్నాలున్నవి ఆరు, తెల్ల వస్తువులు నాలుగు, రంగు కలిసిపోయేవి నాలుగు ఉండేలా చూసుకోండి.

ఒక ఇబ్బంది ముందే ఊహించలేదు నేను. ఫోటోకి 4 ఎంబీ చొప్పున 412 ఫోటోలంటే 1.6 జీబీ పైన. మా వీధిలో నెట్ డౌన్‌లోడ్‌కి పరుగెత్తుతుంది కానీ అప్‌లోడ్‌కి నడుస్తుంది. ఇంకా మార్కెట్లోకి రాని డిజైన్లున్నవాళ్లు ఫోటోలు బయటికి పంపడానికి ఒప్పుకోరు కూడా. నగల వాళ్ల దగ్గర ఇది పెద్ద విషయమే.

పెన్ టూల్ పట్టే మనిషి

పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఎడిటర్లలో ఈ పని చేసేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు, ఆన్‌లైన్‌లో తీసుకునేవాళ్లూ ఉన్నారు. దాన్ని వాళ్లు క్లిప్పింగ్ పాత్ అంటారు. జాలీ వడ్డాణంలో ఒక్కో కన్నమూ విడిగా గీయాలి, కాబట్టి ధర అడిగేటప్పుడు "ఫోటోకి ఎంత" అని కాకుండా ఒక గొలుసు, ఒక వడ్డాణం, ఒక జుంకా చూపించి మూడు ధరలు అడగండి. నేను అలా అడగలేదు. మాట్లాడుకున్న ధరకి వచ్చిన ఫైళ్లలో బయటి అంచు బ్రహ్మాండంగా ఉంది, లోపలి కన్నాలన్నీ మెరూన్‌గా అలాగే ఉన్నాయి. "లోపల కూడా చెయ్యాలని మీరు చెప్పలేదు కదండీ" అన్నాడాయన. నిజమే, చెప్పలేదు. ఇంకొకటి కూడా చెప్పి తీరాలి: ఫలితం పారదర్శకమైన పీఎన్‌జీగా కావాలని. తెలుపు వేసేసి జేపెగ్ ఇస్తే, రేపు ఇంకో సైట్ వేరే సైజు అడిగినప్పుడు మళ్లీ మొదటికొస్తుంది.

మొత్తం ఫోల్డర్‌ని చేత్తో చేయించడం అనవసరం. మిగతా దారులన్నీ దాటి మొండికేసిన వాటికే ఇది.

తెల్ల కాన్వాసు మీదికి

ఏ దారిలో కత్తిరించినా ఈ చివరి అడుగు ఒక్కటే, దీనికి డబ్బు పెట్టకండి. 2000 పిక్సెళ్ల చదరం, అందులో వస్తువు పొడవైన వైపు 1700. అంటే సరిగ్గా 85 శాతం.

```
mkdir -p white
magick mogrify -path white -format jpg \
  -channel A -level 5%,100% +channel \
  -trim +repage -resize 1700x1700 \
  -background white -gravity center -extent 2000x2000 \
  -alpha remove -alpha off -quality 92 cut/*.png
```

ఇందులో వరుస మార్చొద్దు. `-trim` అనేది చుట్టూ ఉన్న ఖాళీని కోసేస్తుంది. ఇంకా పారదర్శకంగా ఉన్నప్పుడే కోయాలి. ముందు తెలుపు వేసి తర్వాత కోస్తే, ముత్యాల హారం చివరి ముత్యాన్ని కూడా ఖాళీ అనుకుని కోసేస్తుంది.

మూడో లైనులోని `-level 5%,100%` దేనికంటే, మోడళ్లు కంటికి కనపడనంత పలచటి పొగలాంటిది ఒక మూలన వదిలేస్తుంటాయి. ఆ పొగని కూడా వస్తువులో భాగమే అనుకుని `-trim` అక్కడ ఆగిపోతుంది. ఫలితంగా కొన్ని కమ్మలు కాన్వాసులో ఓ పక్కకి జరిగి, చిన్నగా అయిపోయి కనపడతాయి. కారణం తెలియక నేను గంటసేపు, వస్తువుని మధ్యలో పెట్టే `-gravity`ని తిట్టుకున్నాను. పొగని ముందే తుడిచేస్తే అన్నీ మధ్యకే వస్తాయి.

చిన్న ఫోటోని ఈ కమాండ్ లాగి 1700 చేసేస్తుంది, మసక అవుతుంది. క్రాప్ చేశాక కూడా వస్తువు 1700 పిక్సెళ్లు ఉండేలా అసలు ఫోటో తీసుకోవాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి, ఎందుకంటే పంపేటప్పుడే అది సైజు తగ్గించేస్తుంది. అసలు ఫైలు ఫోన్‌లో వెతుక్కోండి, లేదా డాక్యుమెంట్‌గా పంపించుకోండి.

ఇలా అన్నీ 85 శాతానికి పెంచితే చెవి దిద్దూ వడ్డాణమూ ఒకే సైజులో కనపడతాయన్నది నిజమే. దానికి రెండో ఫోటోలో చేతిలో పట్టుకుని చూపించడమే మార్గం.

మా 412 ఎలా తెగాయంటే

గాజు గాజులు 40 తీసేస్తే మిగిలినవి 372. వాటిని `isnet-general-use`కి ఇస్తే మెజెంటా షీట్లలో 298 పాసయ్యాయి. తప్పిన 74లో ఎక్కువ గొలుసులే. ఆ 74ని దగ్గరగా క్రాప్ చేసి `birefnet-general`కి ఇచ్చి భోజనానికి వెళ్లొచ్చాం, తిరిగొచ్చేసరికి 51 బాగుపడ్డాయి. మిగిలిన 23 పెన్ టూల్ ఎడిటర్‌కి వెళ్లాయి, ఈసారి "లోపలి కన్నాలు కూడా, పీఎన్‌జీలో" అని రాసిచ్చి మరీ పంపాం. గాజు గాజులు 40ని చార్ట్ పేపర్ మీద మళ్లీ తీశాం, అది ఒక మధ్యాహ్నం పట్టింది. డబ్బు తీసుకునే సర్వీసు మాకు అవసరం పడలేదు. మా సరుకు పట్టుచీరల కుచ్చులో, బొచ్చు బొమ్మలో అయ్యుంటే లెక్క తారుమారయ్యేది.

పాసైన 298లో కూడా పాతిక దాకా రంగు బాగాలేక మళ్లీ తీయాల్సొచ్చింది. అవన్నీ మెరిసే వంకీలూ కడియాలే, అంచుల్లో మెరూన్ పట్టుకుని ఉంది. వదిన వెల్వెట్ గుడ్డని మడతపెట్టి బీరువాలో పెట్టేసింది. ఇప్పుడు కొత్త సరుకు రాగానే ముత్యాలైతే బూడిద రంగు చార్టు, మిగతా నగలైతే తెల్ల చార్టు పరిచి, వెనక లైటు వేసి తీస్తోంది. పోయిన వారం వచ్చిన 36 ఫోటోల్లో చేత్తో ముట్టుకోవాల్సొచ్చింది రెండే, ఒకటి మువ్వల పట్టీ, రెండోది దారానికి గుచ్చిన నల్లపూసలు.